కాలనీ క్లినిక్‌కు ట్రైఫోల్డ్ కరపత్రం: కాగితం కొలతనూ మడతనూ ఎంచుకునే విధానం

చిన్న క్లినిక్‌కు ట్రైఫోల్డ్, అంటే మూడు ప్యానెళ్లుగా మడిచే కరపత్రం అచ్చు వేయించాలనుకున్నప్పుడు చాలామంది ముందుగా డిజైన్ చేయించి, ఆ తరువాత ప్రెస్‌కు వెళ్లి కాగితం గురించీ మడత గురించీ అడుగుతారు. ఈ క్రమం తిరగబడితేనే పని సవ్యంగా సాగుతుంది. ఏ మాట ఏ ప్యానెల్‌లోకి వస్తుందో, దేని పక్కన ఏది కనబడుతుందో, ఒక్కో ప్యానెల్ ఎన్ని మిల్లీమీటర్లు ఉండాలో నిర్ణయించేది మడతే కాబట్టి, అది తేలకుండా చేసిన డిజైన్‌ను మళ్లీ మొదటి నుంచి కదిలించవలసి వస్తుంది. ఈ వ్యాసంలో ఒకే క్లినిక్‌ను ఉదాహరణగా తీసుకుని, కొలత నుంచి అచ్చు వరకు ఒక్కొక్క నిర్ణయం ఎలా చేయాలో వివరిస్తాను.

ఉదాహరణకు ఒక కాలనీలో జనరల్ ఫిజీషియన్ ఒక్కరే నడుపుతున్న క్లినిక్‌ను అనుకుందాం. వచ్చేవారిలో బీపీ, షుగర్ ఉన్న పెద్దవయసు వారే ఎక్కువ. కరపత్రంలో క్లినిక్ వేళలు, ఫోన్ నంబరు, రక్తపరీక్షకు నమూనా ఇవ్వవలసిన సమయం ఉండాలి. ఇంట్లో బీపీ చూసుకునే పద్ధతి, షుగర్ పడిపోయినప్పుడు వెంటనే చేయవలసిన పనులు ఉండాలి. వీటన్నిటికీ మించి, ఇంట్లో చూసుకున్న బీపీ, షుగర్ అంకెలను రోగి రాసుకుని మళ్లీ వచ్చినప్పుడు డాక్టరుకు చూపించడానికి ఒక పట్టిక ఉండాలి.

మొదటి అడుగు: కరపత్రం ఎక్కడ ఉండబోతోందో తేల్చుకోవడం

ఇంటింటికీ పంచే కరపత్రం ఒక్కసారి చదివితే చాలు. రోగి చేతికిచ్చే కరపత్రం అలా కాదు, అది నెలల తరబడి ఎక్కడో ఒకచోట ఉండాలి. మన దగ్గర రోగులు ప్రిస్క్రిప్షన్లనూ రిపోర్టులనూ ప్లాస్టిక్ ఫైలులో పెట్టుకుని వస్తారు. ఆ ఫైళ్లు ఏ4 కాగితం పట్టేలా ఉంటాయి. మన ఉదాహరణలోని పట్టిక ప్రతిసారీ డాక్టరు ముందుకు రావాలి కాబట్టి, కరపత్రం ఆ ఫైలులో ఇమడాలి. కొందరు దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని మందుల షాపుకు తీసుకెళ్లాలనుకుంటే కొలత వేరు. ఈ రెండు అవసరాలూ ఒకే కాగితంతో తీరవు కనుక, ఏది ముఖ్యమో డాక్టరు ముందే చెప్పాలి.

రెండో అడుగు: కాగితం కొలత

మన ఊళ్లలో ప్రెస్‌వారు ట్రైఫోల్డ్‌కు సాధారణంగా సూచించే కొలతలు మూడు: ఏ4, లీగల్, ఏ5. ఏ4 అంటే 210 × 297 మిల్లీమీటర్లు. పొడవు వైపును మూడుగా మడిస్తే దాదాపు 99 మిల్లీమీటర్ల వెడల్పు, 210 మిల్లీమీటర్ల ఎత్తు ఉన్న ప్యానెళ్లు వస్తాయి. 110 × 220 మిల్లీమీటర్ల పొడవాటి కవరులో ఇది చక్కగా పడుతుంది, ఫైలులోనూ ఇబ్బంది లేకుండా ఉంటుంది. లీగల్ 216 × 356 మిల్లీమీటర్లు. దాని ప్యానెల్ 118 మిల్లీమీటర్లు దాటుతుంది కాబట్టి ఆ కవరులో పట్టదు. ఏ5 అంటే 148 × 210. దాన్ని మూడుగా మడిస్తే 70 × 148 మిల్లీమీటర్ల చిన్న ముక్క అవుతుంది, జేబులో పెట్టుకోవడానికి వీలుగా ఉంటుంది.

కొలతను నిర్ణయించే అసలు విషయం తెలుగు అక్షరం. తెలుగులో మాటలు పొడవుగా ఉంటాయి, వత్తులు కిందికి దిగుతాయి, గుడులు పైకి పోతాయి. అందువల్ల వరసల మధ్య ఎడం తగ్గించి మాటలు కుక్కితే పెద్దవయసు వారు చదవలేరు. వారి కోసం 12 పాయింట్ల అక్షరాన్నీ, ఒక వరస నుంచి మరో వరసకు 18 పాయింట్ల దూరాన్నీ కనీసంగా పెట్టుకుందాం. 18 పాయింట్లంటే సుమారు 6.35 మిల్లీమీటర్లు. ఏ4 ప్యానెల్‌లో పైనా కిందా పది మిల్లీమీటర్ల చొప్పున వదిలితే 190 మిల్లీమీటర్లు మిగులుతాయి, అంటే దాదాపు 30 వరసలు. శీర్షికకూ పేరాల మధ్య ఖాళీకీ మూడో వంతు పోగా ఇరవై వరసలు ఉంటాయి. వరసకు నాలుగు మాటలకు మించి ఆశించకూడదు. కనుక ఒక ఏ4 ప్యానెల్‌లో హాయిగా చదవగలిగేది సుమారు ఎనభై మాటలు. ఇదే లెక్కను ఏ5కు వేస్తే ప్యానెల్‌కు దాదాపు 13 వరసలు, వరసకు మూడు మాటలు, అంటే సుమారు నలభై. ఈ లెక్క మీ ఫాంట్‌ను బట్టి మారుతుంది. ముఖ్యంగా యూనికోడ్ ఫాంట్‌లో టైపు చేసిన మాటలను ప్రెస్‌వారు వాడే ‘అను’ అనే ఫాంట్‌లోకి మార్చితే అక్షరాల వెడల్పు మారి వరసలు కదులుతాయి. అందుకే ఏ ఫాంట్‌తో అచ్చు వేస్తారో, ఆ ఫాంట్‌లోనే ఒక పేరాను అసలు కొలతలో ప్రింటు తీసి లెక్కపెట్టడం మంచిది.

మన క్లినిక్‌లో బీపీ చూసుకునే పద్ధతికి ఎనభై మాటలు, షుగర్ పడిపోవడం గురించి డెబ్బై మాటలు కావాలనుకుందాం. ఏ5లో ఇవి చెరో రెండు ప్యానెళ్లను మింగేస్తాయి, పట్టికకు చోటు ఉండదు. ఏ4లో చెరో ప్యానెల్ సరిపోతుంది. లీగల్ తీసుకుంటే ఇంకా విశాలంగా ఉంటుంది కదా అని అనిపించవచ్చు. అయితే అచ్చు ఖర్చు అక్కడే మారుతుంది.

చిన్న సంఖ్యలో, అంటే కొన్ని వందల ప్రతులు కావాలన్నప్పుడు, డిజిటల్ ప్రెస్‌లో 13 × 19 అంగుళాల షీటు మీద వేస్తారు. అది 330 × 483 మిల్లీమీటర్లు. కటింగ్ కోసం అన్ని వైపులా మూడు మిల్లీమీటర్ల బ్లీడ్, అంటే అంచు దాటి వేసి తరువాత కత్తిరించేసే అదనపు అచ్చు, కలిపినా రెండు ఏ4లు పక్కపక్కన 303 × 432 మిల్లీమీటర్లే అవుతాయి కనుక, ఒక షీటుకు రెండు కరపత్రాలు వస్తాయి. ఏ5 అయితే నాలుగు వస్తాయి. లీగల్ మాత్రం ఒక్కటే వస్తుంది, ఎందుకంటే దాని 356 మిల్లీమీటర్ల పొడవు షీటు వెడల్పును దాటిపోతుంది, నిలువుగా పెట్టినా రెండోదానికి చోటు చాలదు. అంటే లీగల్ కరపత్రానికి షీటు ఖర్చు ఏ4తో పోలిస్తే రెట్టింపు. ఆ కాస్త వెడల్పు కోసం అంత చెల్లించడం చిన్న క్లినిక్‌కు తగదని నా అభిప్రాయం.

ఇక్కడే మరో మాట. కొన్ని ప్రెస్సుల్లో 12 × 18 అంగుళాల షీట్లే ఉంటాయి. ఆ షీటు 305 × 457 మిల్లీమీటర్లు. బ్లీడ్‌తో కలిపి 303 మిల్లీమీటర్లు కావలసిన చోట రెండు వైపులా ఒక్కొక్క మిల్లీమీటరు మాత్రమే మిగులుతుంది, యంత్రం అంత అంచు వరకు అచ్చు వేయలేదు. అలాంటప్పుడు అంచుల దాకా రంగు పెట్టకుండా చుట్టూ తెల్లని మార్జిన్ వదిలే డిజైన్ చేయించుకోవాలి. ఏ షీటు మీద వేస్తారో డిజైన్‌కు ముందే అడిగితే ఈ ఇబ్బంది రాదు.

ఇన్ని చూశాక మన ఉదాహరణకు ఏ4 ఖాయమవుతుంది.

మూడో అడుగు: సీ మడతా, జెడ్ మడతా

ట్రైఫోల్డ్‌లో రెండే మడతలు ఉంటాయి, వాటివల్ల మూడు ప్యానెళ్లు, రెండు వైపులా కలిపి ఆరు ముఖాలు ఏర్పడతాయి. రెండు మడతలూ ఒకే వైపుకు తిరిగి ఒక ప్యానెల్ లోపలికి దూరితే అది సీ మడత. ఒకటి ముందుకూ మరొకటి వెనక్కూ తిరిగితే జెడ్ మడత. ఈ తేడా పైకి కనిపించేదాని కంటే లోతైనది.

సీ మడతలో కవరూ, వెనుక పేజీ, లోపలికి దూరే ప్యానెల్ మూడూ కాగితానికి ఒకే వైపున ఉంటాయి. రెండో వైపు ఉన్న మూడు ప్యానెళ్లూ పూర్తిగా లోపల దాగి ఉంటాయి, కరపత్రం పూర్తిగా విప్పితేనే ఒక్కసారిగా కనబడతాయి. జెడ్ మడతలో అలా జరగదు. మూసినప్పుడు బయటికి కనబడే రెండు ముఖాల్లో ఒకటి కాగితానికి ఒక వైపుదీ, మరొకటి రెండో వైపుదీ అవుతుంది. అంటే ఏ వైపు తీసుకున్నా మూడు ప్యానెళ్లలో ఒకటి ఎప్పుడూ బయటికే ఉంటుంది. విశాలమైన పట్టిక కోసం జెడ్ మడత మంచిదని తరచూ చెబుతారు. ఆ పట్టిక మూడో భాగం కరపత్రం వెనుక ముఖం మీద అందరికీ కనిపిస్తూ ఉండటం మీకు అభ్యంతరం కాకపోతేనే అది నిజం. మన రోగి బీపీ, షుగర్ అంకెలు బయటి ముఖం మీద ఉండటం సరికాదు. పైగా బయటి ముఖం ఫైలులో ఒరుసుకుని ఒరుసుకుని చెరిగిపోతుంది. కాబట్టి మన క్లినిక్‌కు సీ మడతే తగినది.

జెడ్ మడత నిజంగా ఉపయోగపడే సందర్భం ఒకటుంది, అది రెండు భాషల కరపత్రం. చిత్తూరు వైపు తమిళం, అనంతపురం వైపు కన్నడం, శ్రీకాకుళం సరిహద్దుల్లో ఒడియా చదివేవారు క్లినిక్‌కు వస్తారు. జెడ్ మడతలో కాగితానికి ఒక వైపు మొత్తం తెలుగు, మరో వైపు మొత్తం రెండో భాష పెట్టి, రెండు వైపులా ఎడమ చివరి ప్యానెల్‌ను కవరుగా చేస్తే, మూసినప్పుడు ఒక ముఖం తెలుగు కవరుగా, తిప్పితే రెండో భాష కవరుగా ఉంటుంది. కవరును పట్టుకుని మిగిలిన ప్యానెళ్లను కుడివైపుకు లాగితే అదే భాషలో మూడు ప్యానెళ్లు వరసగా చదువుకోవచ్చు. ఉర్దూ కలపాలంటే మాత్రం ఈ అమరిక కుదరదు. ఉర్దూ కవరు కుడి చివర ఉండాలి, ఈ మడతలో రెండు కవర్లూ ఎడమ చివరే వస్తాయి. హైదరాబాద్ పాతబస్తీ వంటి చోట్ల రెండు విడి కరపత్రాలు వేయించడమే మేలు.

గేట్ మడత, అంటే రెండు అంచులూ తలుపు రెక్కల్లా మధ్యలో కలిసేది, క్లినిక్‌కు వద్దు. ఆ రెక్కలు సమానంగా కలవాలంటే మడత చాలా కచ్చితంగా ఉండాలి, చేతితో మడిచే చోట అది సాధ్యపడదు.

నాలుగో అడుగు: ఖాళీ కాగితంతో డమ్మీ

మడత నిర్ణయించిన వెంటనే ఒక ఏ4 కాగితం తీసుకుని ఆ మడత వేయాలి. మూసి ఉండగా కవరు మీద 1 అని రాయాలి. కవరు తెరిస్తే కుడివైపు లోపలికి దూరిన ప్యానెల్ కనబడుతుంది, దాని మీద 2 అని రాయాలి. దాన్నీ విప్పితే లోపలి మూడు ప్యానెళ్లు ఎడమ నుంచి కుడికి 3, 4, 5. చివరికి మూసి వెనక్కి తిప్పితే 6. ఇప్పుడు కాగితాన్ని పూర్తిగా పరిచి చూస్తే, బయటి వైపు ఎడమ నుంచి 2, 6, 1 అనే వరసలో ఉంటాయి. డిజైనర్‌కు చూపించవలసింది ఈ డమ్మీనే, ఎందుకంటే కవరు కుడి చివరన ఉంటుందనీ, వెనుక పేజీ మధ్యలో ఉంటుందనీ మాటల్లో చెబితే తికమక తప్పదు.

ఇందులో రెండో ముఖానికి ప్రత్యేక స్థానం ఉంది. కవరు తెరవగానే ముందుగా కంటపడేది అదే. అందుకే షుగర్ పడిపోయినప్పుడు చేయవలసిన పనులను అక్కడ పెడదాం. అత్యవసరంలో ఇంట్లోవారు పూర్తిగా విప్పనవసరం లేకుండా ఒక్క తెరుపుతో అది దొరకాలి. ఆరో ముఖంలో వేళలు, ఫోన్ నంబరు, దారి గుర్తులు ఉంటాయి. మూడో ముఖంలో బీపీ చూసుకునే పద్ధతి, నాలుగు, ఐదు ముఖాల్లో పట్టిక. కావాలంటే మూడింటిలోనూ పట్టికే పెట్టి, బీపీ పద్ధతిని ఆరో ముఖానికి మార్చవచ్చు. అలా మార్చితే వేళలూ ఫోన్ నంబరూ కవరు మీదికి రావాలి.

ఐదో అడుగు: ప్యానెళ్ల కొలతలు

సీ మడతలో మూడు ప్యానెళ్లనూ సమానంగా 99 మిల్లీమీటర్లు పెట్టకూడదు. లోపలికి దూరే ప్యానెల్ మిగిలిన రెండింటి కంటే కాస్త ఇరుకుగా ఉండాలి, లేకపోతే దాని అంచు ఎదుటి మడతకు తగిలి వంగుతుంది. కరపత్రం చదునుగా మూతపడక మడత దగ్గర ఉబ్బు కనబడితే కారణం ఇదే. ఏ4కు 97, 100, 100 అనే విభజన బాగా కుదురుతుంది. ఏ5 అయితే 68, 71, 71.

ఇందులో ఎక్కువగా దొర్లే పొరపాటు, బయటి వైపు కొలతలనే లోపలి వైపుకూ వేయడం. బయటి వైపు ఎడమ నుంచి 97, 100, 100 అయితే, కాగితాన్ని తిప్పినప్పుడు లోపలి వైపు ఎడమ నుంచి 100, 100, 97 అవుతుంది. ఇది మరిచిపోతే లోపలి పేజీల్లో మాటలన్నీ మూడు మిల్లీమీటర్లు జరిగి మడత మీదికి వస్తాయి. నమూనా ప్రతిని వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే ఇది వెంటనే తెలుస్తుంది. ఒక వైపు ప్యానెళ్ల మధ్య ఖాళీ మడత గీతకు రెండు పక్కలా సమానంగా ఉంటుంది, రెండో వైపు మాత్రం ఒక పక్క ఇరుకుగానూ మరో పక్క వెడల్పుగానూ ఉంటుంది.

మన పట్టిక కొలతలు ఇక్కడే తేలాలి. అన్నిటికంటే ఇరుకైన 97 మిల్లీమీటర్ల ప్యానెల్‌లో రెండు వైపులా ఆరేసి మిల్లీమీటర్లు వదిలితే 85 మిల్లీమీటర్లు ఉంటాయి. అందులో తేదీకి 20, బీపీకి 25, తిండికి ముందు షుగర్‌కు 20, తిన్నాక షుగర్‌కు 20. వెడల్పైన ప్యానెల్‌లోనూ ఇదే 85 మిల్లీమీటర్ల పట్టికను పెట్టి మార్జిన్‌ను ఏడున్నరకు పెంచాలి, అప్పుడు రెండూ ఒకేలా కనబడతాయి. చేతితో రాయడానికి గడి ఎత్తు ఎనిమిది మిల్లీమీటర్ల కంటే తగ్గకూడదు. ప్యానెల్‌లో శీర్షికకూ మార్జిన్లకూ 40 మిల్లీమీటర్లు పోతే 21 గడులు వస్తాయి. రెండు ప్యానెళ్లకు 42. వారానికి రెండుసార్లు రాసుకుంటే దాదాపు ఐదు నెలలకు సరిపడే చోటు.

పట్టికను రెండు ప్యానెళ్ల మీదుగా ఒక్కటిగా సాగదీయకుండా, ఒక్కో ప్యానెల్‌లో ఒక్కో పూర్తి పట్టికను పెట్టమని గట్టిగా చెబుతాను. కరపత్రాలను చాలా ప్రెస్సుల్లో చేతితోనే మడుస్తారు, మడత ఒక మిల్లీమీటరు అటూ ఇటూ పోవడం సహజం. సన్నని గీతను సరిగ్గా మడత మీద పెడితే ఆ తేడా ప్రతి కరపత్రంలోనూ కొట్టొచ్చినట్టు కనబడుతుంది. అదే కారణంగా రంగు మారే చోటును కూడా మడత మీద పెట్టకూడదు, అక్షరాలను మడతకు ఐదు మిల్లీమీటర్ల దూరంలో ఉంచాలి.

ఆరో అడుగు: కాగితం రకం, మందం, నార దిశ

నిగనిగలాడే ఆర్ట్ పేపర్ మీద ఫోటోలు బాగుంటాయి, కానీ బాల్ పెన్ను సరిగా పట్టదు, జెల్ పెన్ను సిరా చేతికి అంటుకుంటుంది. రాసుకునే పట్టిక ఉన్న మన కరపత్రానికి పూత లేని మ్యాప్‌లితో అనే కాగితం, అదీ 100 జీఎస్ఎం, అంటే చదరపు మీటరుకు 100 గ్రాముల బరువున్నది సరైనది. రంగులు కాస్త మసకగా వస్తాయి, దానికి సిద్ధపడాలి. 80 కంటే తక్కువ జీఎస్ఎం తీసుకుంటే వెనుక అచ్చు ముందుకు కనబడి అంకెలు చదవడం కష్టమవుతుంది. పట్టిక లేని కరపత్రమైతే 130 జీఎస్ఎం మాట్ ఆర్ట్ పేపర్ తీసుకోవచ్చు. 170కి వెళితే మడతకు ముందు క్రీజింగ్ తప్పనిసరి, అంటే మడత గీత మీద ముందుగా గాడి నొక్కించాలి. లేదంటే మడత మీద పూత పగిలి తెల్లగా చారలు పడతాయి. డిజిటల్ అచ్చులో టోనరు కాగితం పైన పొరలా ఉంటుంది కాబట్టి, ముదురు రంగు మడత మీదుగా పోతే తక్కువ మందంలోనూ ఆ చారలు కనబడవచ్చు.

కాగితంలో నారలు ఎక్కువగా ఒకే దిశలో ఉంటాయి. మడత ఆ దిశకు సమాంతరంగా ఉంటే శుభ్రంగా వస్తుంది, అడ్డంగా ఉంటే గరుకుగా విరుగుతుంది. దిశ తెలుసుకోవాలంటే షీటును ముందు ఒక వైపుకూ తరువాత రెండో వైపుకూ మెల్లగా వంచి చూడాలి. ఏ వైపు సులువుగా వంగుతుందో, ఆ వంపు గీతే నార దిశ. 13 × 19 షీటు మీద రెండు ఏ4లను పక్కపక్కన పెట్టినప్పుడు మన మడతలు 19 అంగుళాల వైపుకు సమాంతరంగా వస్తాయి. కాబట్టి నార ఆ పొడవు వెంట ఉన్న షీటు కావాలి.

ఏడో అడుగు: ప్రెస్‌కు ఏమని చెప్పాలి

ఆర్డరును కాగితం మీద రాసి ఇవ్వాలి. మన ఉదాహరణకు అది ఇలా ఉంటుంది: "కటింగ్ తరువాత కొలత 297 × 210 మిల్లీమీటర్లు, బ్లీడ్‌తో ఫైలు 303 × 216. రెండు వైపులా అచ్చు. 100 జీఎస్ఎం మ్యాప్‌లితో. సీ మడత, బయటి వైపు ఎడమ నుంచి 97, 100, 100, ఎడమ ప్యానెల్ లోపలికి." దీనితో పాటు నంబర్లు రాసిన డమ్మీని జతచేయాలి. మడత గీతలను అచ్చులో పడేలా గీయకూడదు. కటింగ్ అంచుకు బయట, బ్లీడ్ ముగిసిన తరువాత చిన్న గుర్తులు పెడితే చాలు.

నమూనా ప్రతి వచ్చాక తెరమీద చూసి సరేననకూడదు. అదే కాగితం మీద రెండు వైపులా తీసిన ప్రతిని కత్తిరించి, మడిచి చూడాలి. మూసినప్పుడు లోపలి ప్యానెల్ మడతకు రెండు, మూడు మిల్లీమీటర్ల ముందే ఆగాలి. తెరిచినప్పుడు లోపలి పేజీలు తలకిందులుగా ఉండకూడదు. రెండు వైపుల అచ్చులో షీటును తప్పు అంచు మీద తిప్పితే ఇలా జరుగుతుంది. తరువాత ఒక బాల్ పెన్నుతో పట్టికలో నాలుగు గడులు నింపి, వేలితో రుద్ది చూడాలి. వీలైతే క్లినిక్‌కు వచ్చే పెద్దవారిలో ఒకరి చేతికిచ్చి రెండో ముఖాన్ని చదివించాలి. కళ్లద్దాలతో కూడా తడబడితే అక్షరం పెంచి, మాటలు తగ్గించాలి.

మొత్తం అచ్చు అయ్యాక మొదటి పదింటిని మడిపించి చూసి, కుదిరాకే మిగిలినవాటిని మడవమనాలి. 100 జీఎస్ఎం కాగితం కొత్తగా మడిచినప్పుడు కొద్దిగా తెరుచుకుంటుంది. కట్టలుగా పేర్చి ఒక రాత్రి బరువు కింద ఉంచితే సర్దుకుంటుంది.